మీ ఇంటి కార్బన్ ఫుట్‌ప్రింట్ లెక్క కట్టడం ఎలా?

మన పనుల వల్ల ఏడాదిలో గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు, మీథేన్ లాంటి వాయువులన్నిటినీ ఒకే కొలతలోకి, అంటే కిలోల బొగ్గుపులుసు వాయువులోకి మార్చి చెప్పే మొత్తమే కార్బన్ ఫుట్‌ప్రింట్. దీనికి కాగితం, పెన్ను, ఏడాది కరెంటు బిల్లులు చాలు.

ముందు తేలికైనవి తేల్చేయండి. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఒకటి మండితే సుమారు 42 కిలోలు. లీటరు పెట్రోలుకు 2.3, డీజిలుకు 2.7 కిలోలు. ఏడాదిలో ఎన్ని వాడారో దాంతో గుణించండి.

అందరూ తప్పేది కరెంటు దగ్గర. బిల్లులో రూపాయలు చూడకండి, వాడిన యూనిట్లు చూడండి. స్లాబులు మారితే రేటు మారుతుంది కాబట్టి బిల్లు రెట్టింపైనంత మాత్రాన వాడకం రెట్టింపైనట్టు కాదు. యూనిట్లను 0.7తో గుణించాలి. మన గ్రిడ్‌లో బొగ్గు కరెంటే ఎక్కువ, అందుకే యూనిట్‌కు దాదాపు 0.7 కిలోలు పడుతుంది. విదేశీ వెబ్‌సైట్లలోని క్యాలిక్యులేటర్లు తమ దేశపు గ్రిడ్ లెక్క వేస్తాయి. బొగ్గు తక్కువ వాడే దేశపు అంకె వేస్తే మీ ఇంటి కరెంటు సగానికి సగం తగ్గి కనిపించవచ్చు. అందుకే నేను వాటిని ముట్టుకోను, చేత్తోనే వేస్తాను.

ఒక్క నెల బిల్లును పన్నెండుతో గుణించడం ఇంకో పెద్ద తప్పు. నలుగురుండే ఒక ఇల్లు అనుకుందాం. జనవరిలో 180 యూనిట్లు, ఏసీ నడిచే మేలో 500, ఏడాది మొత్తం 3,600. అసలు లెక్క 2,520 కిలోలు. జనవరి బిల్లుతో వేస్తే 1,512, మే బిల్లుతో వేస్తే 4,200 వస్తుంది. రెండూ అబద్ధాలే. పన్నెండు బిల్లులూ కూడండి. ఏవైనా దొరక్కపోతే విద్యుత్ సంస్థ యాప్‌లో పాతవి చూడండి.

అదే ఇంట్లో 9 సిలిండర్లకు 378, కారు, స్కూటర్‌లు కలిపి తాగిన 720 లీటర్ల పెట్రోలుకు 1,656. మొత్తం 4,554 కిలోలు, మనిషికి దాదాపు 1,140. సగానికి పైగా కరెంటుదే, ఆ తర్వాత పెట్రోలు. ఏసీ గంటకు ఒక యూనిట్ తీసుకున్నా, రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే 5.6 కిలోలు. ఫోన్ చార్జర్ ప్లగ్ తీసి పెద్ద పని చేశామనుకునేవాళ్లు ముందు ఈ అంకె చూడాలి.

తిండి, బట్టలు, కొత్త వస్తువుల భారం ఈ లెక్కలోకి రాదు. నీళ్లు నిలిచిన వరిమళ్ల నుంచి, పశువుల నుంచి మీథేన్ వస్తుంది కాబట్టి అన్నం, పాలు, మాంసం వాటా కూడా తక్కువేం కాదు. కానీ బిల్లుల్లో దొరకని వాటిని ఊహతో కలపకండి.

విమాన ప్రయాణాన్ని మాత్రం వేరే వరుసలో రాయండి. అమెరికాకు ఒకసారి వెళ్లొస్తే మనిషికి టన్నుకు పైనే అవుతుంది. దాన్ని ఇంటి లెక్కలో కలిపేస్తే కరెంటు ఎంత తగ్గిందో మరుసటి ఏడాది పోల్చుకోలేరు.