ఆధారాలన్నీ నిజమే, తీర్మానం తప్పింది: లోపం ఎక్కడ?

సమస్య: చూసినవన్నీ సరిగ్గానే చూశాం, అయినా చివరికి తేల్చింది తప్పయింది.

ముందు అది ఏ రకం తర్కమో పరీక్షించాలి. ఆధారాలన్నీ నిజమని ఒప్పుకుని, తీర్మానం అబద్ధమని ఊహించండి. అలా ఊహిస్తే ఆధారాలకే విరుద్ధమవుతుందా? అయితే అది నిగమనం. "పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుంది, ఆ కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది" అన్నది అలాంటిదే. మొదటి రెండూ ఒప్పుకున్నాక మూడోది కాదనలేం. ఏ విరుద్ధతా లేకుండా ఊహించగలిగితే, ఆ ఆధారాలు తీర్మానాన్ని ఖాయం చేయలేదన్నమాట. చూసిన కొన్నిటి నుంచి అన్నిటి గురించీ చెప్పే ఆగమనం ఎప్పుడూ ఈ కోవలోకే వస్తుంది.

కారణం: తర్కసంగ్రహం అనే న్యాయదర్శన గ్రంథంలో అన్నంభట్టు ఇచ్చిన ఉదాహరణే తీసుకుందాం. పొయ్యిలో నిప్పుంది, పొగ ఉంది. యజ్ఞగుండంలోనూ అంతే. కాబట్టి నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందని తేల్చారనుకోండి. ఎర్రగా కాలిన ఇనుప గుండు దీన్ని పడగొడుతుంది: నిప్పుంది, పొగ లేదు. (ఇనుములో నిప్పేమిటి అనిపిస్తే, బాగా రాజుకున్న బొగ్గుల్ని తీసుకోండి.) మనం చూసిన చోట్లన్నిటా నిప్పుతో పాటు తడి కట్టెలు కూడా ఉన్నాయి. పొగ వాటి వల్ల వచ్చింది. ఇలా కనపడకుండా కలిసివచ్చే షరతును నైయాయికులు, అంటే న్యాయదర్శనం తార్కికులు, ఉపాధి అన్నారు.

పరిష్కారం: ఇంకో వంద పొయ్యిలు చూస్తే లాభం లేదు, వాటిలోనూ తడి కట్టెలే ఉంటాయి. పరిస్థితి మార్చి చూడాలి: ఎండు కట్టెలు, బొగ్గులు, కాలిన లోహం. నా దృష్టిలో ఆగమనానికి బలం ఇచ్చేది లెక్క కంటే ఈ వైవిధ్యమే. తర్వాత తీర్మానాన్ని కుదించాలి: "తడి కట్టెలతో మండే నిప్పుకు పొగ ఉంటుంది".

సమస్య: ఉపాధులన్నీ ఏరేశాం. ఇప్పుడైనా నూటికి నూరు పాళ్లూ ఖాయమేనా?

కాదు. చూడనివి ఎప్పుడూ మిగులుతాయి. చూసినవాటిలాగే చూడనివీ ఉంటాయని ఎలా తెలుసు? "ఇంతవరకూ అలాగే జరిగింది కదా" అంటే, ఏది రుజువు చేయాలో దాన్నే ఆధారంగా వాడినట్టు. ప్రాచీన భౌతికవాదులైన చార్వాకులు వ్యాప్తిని, అంటే "ఇదున్న ప్రతిచోటా అది ఉంటుంది" అనే నియమాన్ని, కాదన్నది ఇందుకే. 18వ శతాబ్దంలో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ పట్టుకున్న చిక్కూ ఇదే. దీనికి మరమ్మతు లేదు. ఆగమనాన్ని నమ్మకం స్థాయితోనే చెప్పాలి: ఏయే పరిస్థితుల్లో పరీక్షించాం, ఏది కనబడితే వెనక్కి తీసుకుంటాం అన్నది కూడా కలిపి.

సమస్య: నిగమనం వాడినా తప్పొచ్చింది.

రూపం సరిగ్గా ఉంటే ఆధారాలు చూడండి. కొండ మీద కనబడింది పొగ కాక మంచు కావచ్చు. లేదా "పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు" అన్న మొదటి వాక్యమే తప్పు కావచ్చు. అది ఆగమనం నుంచి వచ్చిందే కాబట్టి, దానికున్న సందేహం తీర్మానానికీ అంటుకుంటుంది.