స్లాబ్ మధ్యలో కాంక్రీట్ చాలకపోతే: పొడి ఘనపరిమాణం లెక్క ఎక్కడ తప్పుతుంది

ఒకే స్లాబ్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. పొడవు 36 అడుగులు, వెడల్పు 25 అడుగులు, మందం 5 అంగుళాలు. బీములు పక్కన పెడితే 375 సీఎఫ్‌టీ, అంటే ఘనపు అడుగుల కాంక్రీట్ కావాలి. సిమెంట్, ఇసుక, కంకరల మిశ్రమం 1:1.5:3, అంటే సైట్‌లో ఎం20 అని వేసేదే.

సమస్య 1: మూడింట రెండొంతులు పోసేసరికి సామాన్లు అయిపోయాయి

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. 375ని మూడు వాటాల మొత్తం 5.5తో భాగించి, వచ్చిన 68 సీఎఫ్‌టీకి సరిపడా 56 బస్తాల సిమెంట్ తెప్పించి ఉంటారు. ఇసుక 102, కంకర 205 సీఎఫ్‌టీ. ఈ మూడూ కలిపితే 375 అవుతుంది కాబట్టి కాగితం మీద లెక్క సరిగ్గానే కనిపిస్తుంది.

కానీ 375 అనేది తడిపి, కలిపి, వైబ్రేటర్ పెట్టి కుదించిన కాంక్రీట్ కొలత. విడిగా పోసిన కంకరలో రాళ్ల మధ్య దాదాపు సగం ఖాళీయే. ఇసుకలోనూ, సిమెంట్‌లోనూ గాలి ఉంటుంది. కలిపినప్పుడు ఇసుక కంకర సందుల్లోకి, సిమెంట్ ముద్ద ఇసుక సందుల్లోకి దూరిపోతాయి. అందుకే పొడి సామాన్ల మొత్తం పోసిన కాంక్రీట్ కంటే ఒకటిన్నర రెట్లకు కాస్త పైన ఉండాలి. వాడుకలో ఉన్న గుణకం 1.54. కంకర సైజు, ఇసుక సన్నదనాన్ని బట్టి 1.52 నుంచి 1.57 దాకా వాడతారు.

లెక్క మళ్లీ చేద్దాం:

```
375 × 1.54  = 577.5 cft
577.5 ÷ 5.5 = 105 cft
105 ÷ 1.226 = 85.6
105 × 1.5   = 157.5 cft
105 × 3     = 315 cft
```

రెండో వరుసలో వచ్చిన 105 సిమెంట్ వాటా. 50 కిలోల బస్తా 1.226 సీఎఫ్‌టీ, అంటే దాదాపు 35 లీటర్లు, కాబట్టి 86 బస్తాలు. చివరి రెండు వరుసలు ఇసుక, కంకర. 56 బస్తాలతో మొదలుపెట్టినవారికి సుమారు 243 సీఎఫ్‌టీ మాత్రమే తయారవుతుంది. అది 900 చదరపు అడుగుల్లో 584కే వస్తుంది.

పోత మొదలయ్యాక ఇది తెలిస్తే టెన్షన్ తప్పదు. కానీ నీళ్లు పోసి పలచన చేయడం, మిగిలిన చోట మందం తగ్గించడం మాత్రం వద్దు. సామాన్లు వెంటనే రాకపోతే ఇంజినీర్ చూపించిన చోట, మామూలుగా స్పాన్ మధ్య మూడో వంతులో, నిటారుగా చెక్క అడ్డం పెట్టి ఆపాలి. వాలుగా వదిలేసిన అంచు దగ్గరే తర్వాత నీరు కారుతుంది.

సమస్య 2: 1.54 వేశాం, అయినా ఇసుక ముందే అయిపోయింది. లేదా మిశ్రమం గరుకుగా, రాళ్లు రాళ్లుగా ఉంది

నా ఉద్దేశంలో ఎక్కువ మందికి తెలియకుండా నష్టం చేసేది ఇదే. 157.5 సీఎఫ్‌టీ అన్నది పొడి ఇసుక లెక్క. సైట్‌కు వచ్చేది చెమ్మ ఇసుక. చెమ్మ ఉన్నప్పుడు ప్రతి రేణువు చుట్టూ పల్చటి నీటి పొర ఏర్పడి రేణువులను దూరం జరుపుతుంది, ఇసుక ఉబ్బుతుంది. సైట్‌లో దీన్నే బల్కింగ్ అంటారు. చెమ్మ 5 శాతం ప్రాంతంలో ఉంటే 25, 30 శాతం ఉబ్బడం మామూలే, సన్న ఇసుక ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. రోబో సాండ్‌కూ ఇది వర్తిస్తుంది. కంకరకు మాత్రం ఈ గొడవ లేదు.

తమాషా ఏమిటంటే, ఇసుక పూర్తిగా నానితే ఆ ఉబ్బు పోయి మళ్లీ పొడి ఇసుక కొలతకే దిగుతుంది. కాబట్టి "వర్షం పడింది, ఇంకాస్త ఎక్కువ వేయండి" అనే మాట అన్ని వేళలా నిజం కాదు. కొలిచి చూడాల్సిందే.

కొలవడానికి నిటారు గోడల డబ్బా ఒకటి చాలు. పైకి వెడల్పయ్యే బకెట్ పనికిరాదు. కుప్ప పైపొర ఎండి ఉంటుంది కాబట్టి లోపలి నుంచి ఇసుక తీసి, డబ్బాలో మూడింట రెండొంతుల దాకా అదమకుండా పోసి ఎత్తు కొలవండి. ఆ ఇసుకను బయటకు తీసి, డబ్బాలో సగం దాకా నీళ్లు పోయండి. ఇసుకను రెండు విడతలుగా తిరిగి వేస్తూ, కడ్డీతో కుదించి, ఎత్తు మళ్లీ చూడండి. మొదట 15 సెంటీమీటర్లు, తర్వాత 12 వస్తే, 15ని 12తో భాగించగా 1.25. అంటే ఉబ్బు 25 శాతం.

ఇప్పుడు ఆర్డర్ 157.5 × 1.25, దాదాపు 197 సీఎఫ్‌టీ, అంటే రెండు యూనిట్లు. ఆర్డర్ ఒక్కటే పెంచితే పని అవ్వదు, కొలత పెట్టె కూడా మారాలి. బస్తాకు 52 లీటర్ల పొడి ఇసుక కావాలంటే చెమ్మ ఇసుక 65 లీటర్లు పోయాలి. పెట్టె అలాగే ఉంచితే ప్రతి బస్తాలోనూ ఇసుక ఐదో వంతు తగ్గుతుంది, కాంక్రీట్ సుమారు 5 శాతం తక్కువ వస్తుంది. 1.54లో ఉండే కాస్త వెసులుబాటు అక్కడే హరించుకుపోతుంది. ఇసుక చాలని కాంక్రీట్‌లో రాళ్ల సందులు నిండవు, బీము అడుగున తేనెపట్టులాంటి బొక్కలు కనబడతాయి.

నీళ్లూ తగ్గించాలి. ఐఎస్ 456 నామినల్ మిక్స్ పట్టికలో ఎం20కి బస్తాకు 30 లీటర్లు మించకూడదు. 5 శాతం చెమ్మ ఉన్న ఇసుక బస్తాకు 4 లీటర్ల దాకా నీళ్లు తనతోనే తెస్తుంది, కాబట్టి పైనుంచి పోసేది 26కు మించకూడదు. అసలు ఎం20కి తూకం వేసి కలపడమే మేలు, అప్పుడు ఉబ్బుతో పని ఉండదు, చెమ్మ బరువు సరిచూసుకుంటే చాలు.

సమస్య 3: సామాన్లు బోలెడు మిగిలిపోయాయి

సంతోషించే ముందు మందం కొలవండి. మందం సరిగ్గా ఉండి కూడా చాలా మిగిలితే వైబ్రేటర్ సరిగ్గా పెట్టలేదేమో చూడాలి. కుదించని కాంక్రీట్ గాలితో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. 5 శాతం ఖాళీలు మిగిలినా బలం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. పోసినప్పుడు లెవెల్ కంటే కాస్త ఎత్తుగా ఉండి, వైబ్రేటర్ పెట్టాక దిగడమే సరైన గుర్తు.

ఇంకో కారణం, గుణకాన్ని రెండుసార్లు వేయడం. 1.54తో గుణించి, మళ్లీ 25 శాతాన్ని మూడు సామాన్లకూ కలిపేస్తారు. ఉబ్బు ఇసుకకే. అలాగే ల్యాబ్ రిపోర్టులో కనిపించే కంపాక్షన్ ఫ్యాక్టర్, 0.85, 0.92 లాంటి అంకె, కాంక్రీట్ ఎంత సులువుగా కుదురుతుందో చెప్పే పరీక్ష ఫలితం. దానితో సిమెంట్ బస్తాలను గుణించకూడదు, భాగించకూడదు.

సమస్య 4: ఆర్ఎంసీ సగం లారీ వెనక్కి పంపాల్సి వచ్చింది

ఆర్ఎంసీ అంటే ప్లాంట్‌లో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్, దాన్ని తడి కాంక్రీట్ ఘనపు మీటర్లలోనే అమ్ముతారు. అక్కడ 1.54 వేయకూడదు. మన స్లాబ్‌కు 375ని 35.3తో భాగిస్తే 10.6, వృథాతో కలిపి 11 చెప్పాలి. 16.4 చెప్పినవాళ్లకు ఐదు మీటర్ల కాంక్రీట్ ఎక్కడ పోయాలో తెలియదు, బిల్లు మాత్రం వస్తుంది. ఆర్డర్ ఇచ్చే ముందు బీముల కొలత కలపడం, సెంట్రింగ్ కిందికి వంగిందేమో దారం కట్టి చూడడం మరవకండి. 900 చదరపు అడుగుల మీద సగటున అర అంగుళం దిగితే 37.5 సీఎఫ్‌టీ అదనంగా పడుతుంది, ఏ గుణకంలోనూ అది ఉండదు.