వర్షపాతం రిజిస్టరును ఇద్దరు టైప్ చేశాక: తేడాలు ఎందుకొస్తాయి, ఎలా తేల్చాలి

పాత వర్షపాతం రిజిస్టరులో ఒక పేజీ ఇలా ఉంటుందనుకుందాం. అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా 1 నుంచి 31 దాకా తేదీలు. మెట్రిక్ కొలతలు రాకముందు పేజీ కాబట్టి వాన అంగుళాల్లో, సెంట్లలో ఉంది. అంగుళంలో నూరో వంతు ఒక సెంటు. ప్రతి నెల కింద ఆ నెల మొత్తం, దాని కింద వాన రోజుల సంఖ్య. 10 సెంట్లు, అంతకు మించి పడితేనే వాన రోజు కింద లెక్క.

ఈ పేజీని ఇద్దరు విడివిడిగా ఎక్సెల్‌లో టైప్ చేస్తారు. ఒకరి షీటు Entry1, రెండోవారిది Entry2. రెండిటినీ పోల్చి, తేడా వచ్చిన ప్రతి గడినీ మూడో మనిషి పేజీ ఫొటోతో సరిచూసి తేలుస్తారు. ఈ పద్ధతిలో ఇద్దరికీ ఎక్కడ పొంతన కుదరలేదో తెలుస్తుంది. ఎవరు తప్పో తెలియదు. ఇద్దరూ ఒకేలా తప్పు చేస్తే అసలేమీ తెలియదు. కింద చెప్పే ఇబ్బందులు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

ఒకే నెలలో వరసగా బోలెడు తేడాలు

ఒక ఉదాహరణతో చూద్దాం. ఆగస్టులో పేజీ మీద ఉన్న వానలు ఇవి:

3న 0.45
4న 1.20
9న 0.10
10న 0.71
17న 2.05
18న 0.38
26న 0.63

నెల మొత్తం 5.52, వాన రోజులు 7.

పోల్చి చూస్తే 4వ తేదీ దాకా ఇద్దరివీ కలిశాయి. 8న మొదటివారి గడి ఖాళీ, రెండోవారిది 0.10. 9న మొదటివారిది 0.10, రెండోవారిది 0.71. 10న మొదటివారిది 0.71, రెండోవారిది ఖాళీ. అక్కడి నుంచి నెలాఖరు దాకా ఇదే తంతు. ఒకరి అంకె రెండోవారి షీటులో ఒక గడి పైన కనిపిస్తోందంటే అవి విడివిడి తప్పులు కావు, వరస జారిన ఒకే ఒక్క తప్పు. ఆగస్టు 5 నుంచి 8 దాకా ఖాళీ గడులు కాబట్టి అక్కడ చూపు ఒక గీత పైకి జారింది.

ఇలాంటప్పుడు గడి గడికీ తీర్పు చెప్పుకుంటూ పోకండి. మొదటి తేడా ఎక్కడుందో చూసి, ఫొటోలో ఆ తేదీని వేలు పెట్టి సరిచూడండి. జారినవారు ఎవరో తేలాక ఆ నెల వరసను వారి చేతే పేజీ చూసి వేరే షీటులో మళ్లీ టైప్ చేయించండి. అంకెలను కట్ చేసి ఒక గడి కిందికి పేస్ట్ చేస్తే పని త్వరగా అవుతుంది గానీ, జారడం మధ్యలోనే సర్దుకుని ఉంటే కొత్త తప్పు పుడుతుంది.

ఒక సంగతి గమనించండి. రెండోవారి వరసను కూడినా 5.52 వస్తుంది, వాన రోజులూ 7 వస్తాయి. మొత్తాలు మాత్రమే చూసుకుని ఉంటే ఈ తప్పు దొరికేదే కాదు. ఒక్కరి చేత టైప్ చేయించి మొత్తం సరిచూస్తే చాలదా అని అడిగేవారికి నేను చూపించేది ఈ వరస జారుడునే.

మళ్లీ జారకుండా ఉండాలంటే ఇద్దరికీ తేదీలు ముందే నింపిన షీటు ఇవ్వండి. తేదీల వరస, నెలల పేర్లు ఎంత కిందికి వెళ్లినా కనబడేలా ఫ్రీజ్ చేయండి. స్క్రీన్ మీద ఫొటో వంకరగా ఉంటే ముందు దాన్ని నిటారుగా తిప్పండి. వంకర ఫొటో ఇద్దరినీ ఒకే చోట జారేలా చేయగలదు. అప్పుడు పోలికలో ఏమీ పట్టుబడదు.

తేడా ఉన్నా పోలికలో కనబడదు

ఫొటోలో ఒక గడి ఖాళీగా ఉంది. ఒకరు ఖాళీగా వదిలేశారు, రెండోవారు 0 కొట్టారు. ఎక్సెల్‌లో మామూలుగా ఇలా పోలుస్తాం:

```
=Entry1!C5=Entry2!C5
```

ఖాళీ గడిని, సున్నాను ఈ ఫార్ములా సమానంగా చూసి TRUE అంటుంది. వర్షపాతంలో ఇది చిన్న విషయం కాదు. సున్నా అంటే కొలిచారు, వాన లేదు. ఖాళీ అంటే వాన లేకపోయి ఉండవచ్చు, ఆ రోజు కొలిచే మనిషే రాకపోయి ఉండవచ్చు. అందుకని పోలికకు దీన్ని వాడండి:

```
=IF(EXACT(Entry1!C5,Entry2!C5),"","X")
```

దీనికి ఖాళీ వేరు, సున్నా వేరు. గడిలో పొరపాటున పడిన స్పేసును కూడా పట్టుకుంటుంది. స్పేసు తేడాలు మరీ ఎక్కువైతే అసలు ఫైళ్లను అలాగే ఉంచి, వాటి కాపీల్లో స్పేసులు తీసేసి పోల్చండి, నష్టం లేదు. ఖాళీ, సున్నా, చిన్న గీత, ఈ మూడింటినీ మాత్రం ఒకటిగా కలిపేయకండి. రిజిస్టరు రాసిన గుమాస్తా గీత ఎందుకు పెట్టారో తర్వాత పేజీలన్నీ కలిపి చూసినప్పుడు తెలుస్తుంది. టైప్ చేసేవారు అప్పటికప్పుడు తేల్చే పని కాదు. ఉన్నది ఉన్నట్టు కొట్టాలి, చదవలేనిదానికి ? పెట్టాలి.

ఇక్కడే అంగుళాలు, సెంట్ల చిక్కు కూడా ఉంది. కొన్ని పేజీల్లో ఈ రెండింటికీ వేరువేరు సన్నని గడులు ఉంటాయి. అంగుళాల గడిలో 0, సెంట్ల గడిలో 5 ఉంటే ఒకరు 0.05 అని, ఇంకొకరు 0.5 అని కొడతారు. ఒకటి ఐదు సెంట్లు, ఇంకొకటి యాభై సెంట్లు. సెంట్లు ఎప్పుడూ రెండంకెల్లోనే కొట్టాలని పని మొదలవకముందే ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ ఇవ్వండి. 1-20 అని గీతతో కొట్టొద్దని కూడా అందులో రాయండి, దాన్ని ఎక్సెల్ తేదీగా మార్చేస్తుంది.

ఇద్దరివీ కలిశాయి, నెల మొత్తం మాత్రం కలవలేదు

నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. అదే ఆగస్టులో ఇద్దరూ 26వ తేదీన 0.68 అని కొట్టారనుకోండి. పోలికలో ఒక్క X కూడా లేదు. కూడితే 5.57 వస్తోంది, పేజీలో 5.52 ఉంది.

చేయి జారి వచ్చే తప్పు ఇద్దరికీ ఒకే గడిలో, ఒకే అంకెగా రావడం చాలా అరుదు. మొదటివారు పదివేల గడుల్లో 40, రెండోవారు 30 తప్పులు చేశారనుకుందాం. తప్పులు ఎక్కడ పడితే అక్కడ పడేవైతే, ఇద్దరూ ఒకే గడిలో తప్పడానికి అవకాశం పదివేలకు 0.12 గడి, అంటే ఒక్కటి కూడా కాదు. మరి ఒకే తప్పు ఇద్దరి షీట్లలోనూ కనిపిస్తోందంటే కారణం వేళ్లలో లేదు, చేతిరాతలో ఉంది. పై సున్న కలిసిపోయిన 3 ఎవరికైనా 8 లాగే కనబడుతుంది.

ముందు తేడా ఎంతో చూడండి. ఇక్కడ 0.05. చివరి అంకెలో 3ను 8గా చదివితే సరిగ్గా ఐదు పెరుగుతుంది. 4ను 9గా చదివినా అంతే. 1ని 7గా చదివితే తేడా 6. అంకెలు తారుమారైతే, అంటే 0.36ను 0.63గా కొడితే, తేడా సెంట్లలో తొమ్మిదితో భాగించబడుతుంది, ఇక్కడ 27. ఒక రోజు మొత్తంగా పోతే ఆ రోజు వాన ఎంతో అంతే తేడా వస్తుంది, ఆ వాన 10 సెంట్లకు తక్కువ కాకపోతే వాన రోజుల లెక్క కూడా తగ్గుతుంది. ఐదు సెంట్లను యాభైగా కొడితే తేడా 0.45.

అయితే ఈ లెక్క అనుమానించాల్సిన గడులను మాత్రమే చూపిస్తుంది. 18న ఉన్న 0.38లో కూడా చివర 8 ఉంది. అది నిజంగా 0.33 అయినా మొత్తం 5.52కు దిగుతుంది. కాబట్టి రెండు గడులనూ ఫొటోలో పెద్దవి చేసి, అదే గుమాస్తా అదే పేజీలో అనుమానం లేకుండా రాసిన 3లను, 8లను పక్కన పెట్టుకుని చూడండి. తేదీల వరసలోని అంకెలు కూడా చేత్తో రాసినవే అయితే 3, 8, 13, 18 అక్కడే దొరుకుతాయి, అవి ఏమిటన్నది అందరికీ తెలిసిందే.

అలా చూసినా తేలకపోతే గుమాస్తా కూడికే తప్పయి ఉండొచ్చు. చేత్తో కూడిన మొత్తాల్లో అది వింతేమీ కాదు. మొత్తం కలవాలని రోజు అంకెను మార్చడం ఈ పనిలో చేయగలిగిన అతి పెద్ద అపచారం. పేజీలో ఉన్న మొత్తాన్ని ఒక గడిలో, మనం కూడిన మొత్తాన్ని ఇంకో గడిలో ఉంచి, కలవలేదని గుర్తు పెట్టి వదిలేయండి.

తేల్చేవారు ఎప్పుడూ ఒకరి వైపే

తేడాల జాబితాలో దాదాపు ప్రతిసారీ మొదటివారి అంకే నెగ్గుతోందా? ఆ మనిషి నిజంగానే జాగ్రత్తపరురాలు కావచ్చు. లేదా ఆమె సీనియర్ అని తేల్చేవారికి తెలిసి, ఫొటో తెరవకుండానే ఆమె అంకె ఎంచుకుంటూ ఉండొచ్చు. తేల్చుకోవడానికి ఆ తేడాల్లో కొన్నిటిని ఇంకొకరికి ఇవ్వండి, ఎవరిది ఏదో చెప్పకుండా, అంకెల వరసను మార్చి మార్చి పెట్టి. ఫలితం మారితే తీర్పులన్నీ మళ్లీ చూడాల్సిందే.

తేల్చేవారికి మూడో జవాబు రాసే వీలు కూడా ఉండాలి. ఒకరు 0.77 అని, ఒకరు 0.11 అని కొట్టిన చోట పేజీలో 0.71 ఉండవచ్చు. రెండిట్లో ఒకటి ఎంచుకోమనే షీటు అలాంటి చోట తప్పును ఖాయం చేస్తుంది.

తేడాలే లేవు

చేతిరాత పేజీలు వందల కొద్దీ టైప్ చేశాక ఒక్క తేడా కూడా రాలేదంటే సంతోషించకండి. రెండోవారు మొదటివారి ఫైలు తెరిచి చూసి ఉండొచ్చు, లేదా దాన్నే కాపీ చేసుకుని సరిచూస్తూ పోయి ఉండొచ్చు. అరుదైన ఆనవాళ్ల కోసం వెతకండి. మొదటివారు ఒకచోట అదనంగా కొట్టిన స్పేసు రెండోవారి షీటులో కూడా అదే గడిలో ఉంటే అది కాపీయే. పేజీ మొత్తానికి సరిపోని అంకె రెండిట్లోనూ ఉండి, ఫొటోలో మాత్రం ఏ సందేహం లేకుండా వేరే అంకె ఉన్నా అంతే.

పంచ్ కార్డుల రోజుల్లో వెరిఫయర్ అనే యంత్రం ఉండేది. రెండో మనిషి అదే కాగితం చూసి మళ్లీ కొడుతుంటే, కార్డు మీది అంకెతో కలవని చోట యంత్రం ఆగిపోయేది. సర్వేల్లో వాడే సీఎస్‌ప్రో సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికీ అలా ఆపే పద్ధతీ ఉంది, ఇద్దరూ పూర్తిగా విడిగా కొట్టాక చివర్లో పోల్చే పద్ధతీ ఉంది. శుభ్రమైన ఫారాలకు మొదటిది సరిపోతుంది. పాత చేతిరాతకు మాత్రం నేను రెండోదే వాడమంటాను. ఆగిపోయిన క్షణంలో టైపిస్టుకు తన అంకె తప్పేమో అనే టెన్షన్ మొదలవుతుంది, మూడులా కనిపించింది కూడా ఎనిమిదే అనిపిస్తుంది.

కాపీ అని తేలితే రెండో ఎంట్రీని పక్కన పడేసి, మొదటి ఫైలు అందుబాటులో లేని ఇంకో మనిషి చేత ఆ పేజీలు మళ్లీ టైప్ చేయించాలి. ఫైళ్లు వేరువేరు ఫోల్డర్లలో ఉంచి, పోలిక అయ్యేదాకా ఒకరిది ఒకరికి తెరుచుకోకుండా పెట్టండి. పోల్చాక కూడా ఆ రెండు ఫైళ్లలో ఏ గడినీ దిద్దకండి. తేలిన అంకెలు మూడో షీటులోకి వెళ్లాలి, పక్కన పేజీ నంబరు, తేదీ, ఇద్దరూ కొట్టిన అంకెలు, తేల్చిన కారణం ఉండాలి.