జ్వరం తగ్గిన రెండు నెలలకు జుట్టు రాలినప్పుడు

నాలుగు రోజులపాటు 103 డిగ్రీలు దాటిన జ్వరం తగ్గి, పూర్తిగా కోలుకున్నాననుకున్న రెండు నెలలకు, తల దువ్వుకున్నప్పుడల్లా దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. షాంపూను అనుమానించి రెండుసార్లు మార్చాను. పాపం, దాని తప్పేమీ లేదు.

రాలిన వెంట్రుకను వెలుతురులో చూస్తే ఒక చివర తెల్లటి చిన్న బొడిపె కనిపించింది. అది విశ్రాంతి దశ ముగించుకుని ఊడిన వెంట్రుక అనడానికి గుర్తని, దాని కుదురు మాత్రం చర్మంలో భద్రంగానే ఉందని చర్మవైద్యురాలు వివరించారు. తీవ్ర జ్వరానికి లోనైన శరీరం, పెరుగుతున్న వెంట్రుకలను చాలావాటిని ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి నెడుతుంది. ఆ దశ రెండు మూడు నెలలు సాగుతుంది కనుక జ్వరానికీ రాలడానికీ మధ్య అంత వ్యవధి కనిపిస్తుంది.

ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష ఆమె రాశారు. నేను సొంతంగా మొదలుపెట్టిన బయోటిన్ అనే విటమిన్ మాత్రలు థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేయగలవని ముందు వాటిని ఆపించారు. పైగా బయోటిన్ లోపం లేనివారికి వాటివల్ల ఒరిగేది పెద్దగా ఉండదు. ఫెరిటిన్ తక్కువగా తేలడంతో ఐరన్ మాత్రలు, రోజూ తగినంత ప్రోటీన్ సూచించారు. మిగిలిన పని కాలానిదే.

జ్వరం వచ్చిన అయిదో నెలకు రాలడం తగ్గింది, నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు మొలిచాయి. గుండ్రని మచ్చలుగా ఊడినా, మాడు ఎర్రబడినా, ఆరు నెలలు దాటినా ఆగకపోయినా కారణం వేరే ఉండవచ్చని, వెంటనే రమ్మని ఆమె చెప్పారు.