రీడింగ్ కార్నర్ సామాన్ల కోసం హెడ్మాస్టరు గారికి లెటర్ ఎలా రాయాలి?

పర్లాకిమిడి, గుణుపురం వైపు చిన్న బళ్లలో పనిచేసే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో తెలుగో సవరో మాట్లాడి, బడిలో ఒడియా చదివే పిల్లలు మన దగ్గర ఎక్కువ. పాఠ్యపుస్తకం కాకుండా చేతికందే కథల పుస్తకం ఏదైనా ఉంటే బాగుండునని అందరికీ ఉంటుంది, కానీ లెటర్ దగ్గరికొచ్చేసరికి "తగిన సామగ్రి మంజూరు చేయవలసిందిగా కోరుచున్నాను" అని ఒక్క లైను రాసి ఊరుకుంటాం. దానిమీద హెడ్మాస్టరు గారు ఏమని సంతకం పెట్టాలి? ఎంత ఖర్చో, ఏ పద్దులోంచి తీయాలో, బిల్లు వస్తుందో రాదో, ఏదీ అందులో ఉండదు. అందుకే అది టేబుల్ మీద ఫైలు కింద పడి ఉంటుంది.

ముందు ఆయన వైపు నుంచి లెక్క చూడండి. సమగ్ర శిక్షా లెక్కల్లో 30 మంది దాటి 100 మందిలోపు పిల్లలున్న బడికి ఏటా వచ్చే స్కూల్ గ్రాంటు 25,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే, పైగా కనీసం పది శాతం శుభ్రతకి పెట్టాలి. లైబ్రరీ గ్రాంటు వేరే ఉంటుంది, ప్రాథమిక బడికి 5,000 వరకు, కానీ అది పుస్తకాలకి ఉద్దేశించింది. పుస్తకాలు వేలాడేసే తాళ్లూ, పిల్లలు కూర్చునే చాపలూ అందులో అడిగితే ఆడిట్‌లో ప్రశ్న వస్తుందని ఆయనకి భయం ఉంటుంది. కాబట్టి సామాన్లు స్కూల్ గ్రాంటులోంచి అడగండి, మొత్తం పదిహేను వందలు దాటనివ్వకండి.

రాసేముందు బీరువా తెరిపించి చూడండి. చాలా బళ్లలో పుస్తకాలు లేకపోవడం కాదు సమస్య, అట్ట కూడా విప్పని కట్టలు తాళంలో ఉంటాయి. ఎందుకు ఉంటాయో కూడా తెలుసుకోవాలి: స్టాక్ రిజిస్టర్లో ఎక్కిన పుస్తకం పోయినా చిరిగినా జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరే. పిల్లలు రోజూ ముట్టుకుంటే పుస్తకం చిరక్క మానదు. ఈ భయం తీర్చకుండా మీరు ఎంత మంచి లెటర్ రాసినా తాళంచెవి మీ చేతికి రాదు. అందుకని లెటర్లో డబ్బుకన్నా ముఖ్యంగా అడగాల్సింది ఇది: ఏ పుస్తకాలు తీసుకుంటున్నానో పేర్లతో రాసి సంతకం పెడతాను, వాడకంలో చిరిగినవి నెలకోసారి మీకు చూపిస్తాను, వాటిని ఎస్ఎంసీ మీటింగులో తీర్మానం రాయించి స్టాక్‌లోంచి తీసేద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు. నా లెక్కలో లెటర్ మొత్తానికి ప్రాణం ఈ పేరానే.

తర్వాత స్థలం కొలవండి. తలుపు దారి కానిది, కిటికీ వెలుతురు పడేది, వాన జల్లు రానిది ఒక మూల, ఆరడుగులు పొడవు ఎనిమిదడుగులు వెడల్పు చాలు. గోడకి రెండు వరసల తాడు కట్టాలి, కింది వరస నేలకి రెండడుగుల ఎత్తులో, పై వరస మూడడుగుల్లో, అంటే రెండో తరగతి పిల్ల నిలబడి అందుకునేంత. పలచటి పుస్తకాన్ని మధ్యకి తెరిచి తాడు మీద వేలాడేస్తే నిలుస్తుంది. అట్టకి క్లిప్పు పెట్టి వేలాడదీస్తే బరువంతా పిన్ను దగ్గర పడి అట్ట ఊడొస్తుంది, క్లిప్పు విడి కాగితాలకీ పిల్లల బొమ్మలకీ మాత్రమే. ఆరడుగుల తాడుకి నడుమ ఒక కొక్కెం ఉండాలి. లేకపోతే పుస్తకాలన్నీ మధ్యకి జారి ఒకదాని మీద ఒకటి పడతాయి, అట్ట బొమ్మ కనపడదు. బొమ్మ కనపడని పుస్తకాన్ని చిన్నపిల్లలు తీయరు.

ఇక ధరలు. ఊహించి రాయకండి, బజారులో అడిగి రాయండి. కింది లెటర్లోవి ఉదాహరణకే. ఇంకో చిక్కు, సంతలో చాపలమ్మే మనిషి బిల్లు ఇవ్వడు. దానికి చేతి రసీదు రాసి ఆయన సంతకమో వేలిముద్రో తీసుకుంటానని లెటర్లోనే చెప్పేయండి.

లెటర్ ఇలా ఉంటే సరిపోతుంది:

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,

విషయం: రెండు, మూడు తరగతుల గదిలో రీడింగ్ కార్నర్‌కి 1,190 రూపాయల సామాన్లు, బీరువాలోని పుస్తకాల వాడకానికి అనుమతి.

నమస్కారం సార్. మన రెండు, మూడు తరగతుల్లో కలిపి 32 మంది ఉన్నారు. వీళ్లకి రోజూ మధ్యాహ్న భోజనం తర్వాత ఇరవై నిమిషాలు సొంతంగా పుస్తకం చూసే సమయం ఇవ్వాలనుకుంటున్నాను. గదిలో కిటికీ పక్క మూల ఖాళీగా ఉంది, బెంచీలు కదపనక్కర్లేదు.

కొనాల్సినవి: నైలాన్ తాడు ఒక కట్ట 100, బట్టల క్లిప్పులు నాలుగు డజన్లు 120, కొక్కేలు ఎనిమిది 40, ఈత చాపలు మూడు 450, వెడల్పు టేపు నాలుగు చుట్టలు 180, చిన్న రిజిస్టరు 60, పది చిన్న కథల నలుపు తెలుపు ప్రింటు 240. మొత్తం 1,190 రూపాయలు. చాపలకి చేతి రసీదు, మిగిలిన వాటికి షాపు బిల్లు తెస్తాను. ఒకేసారి కుదరకపోతే ముందు తాడు, కొక్కేలు, టేపు, రిజిస్టరు ఇప్పించండి, 380తో మొదలుపెట్టగలను.

బీరువాలోని కథల పుస్తకాల్లో 40 తీసుకుంటాను, పేర్ల జాబితా జతచేశాను, బాధ్యత నాది. వాడకంలో చిరిగినవి నెలాఖరున మీకు చూపిస్తాను. వాటిని ఎస్ఎంసీ తీర్మానంతో స్టాక్ నుంచి తొలగించడానికి అనుమతి ఇవ్వండి. సెలవుల్లో పుస్తకాలన్నీ తిరిగి బీరువాలో పెడతాను.

ఇట్లు,
(సంతకం, తరగతి, తేదీ)

ఆ 380 లైను ఊరికే పెట్టింది కాదు. గ్రాంటు ఆలస్యంగా పడే ఏడాది "డబ్బు లేదు" అని కాగితం మొత్తం ఆగిపోకుండా, ఏది ముందు కావాలో ఆయనకి తెలుస్తుంది. చాపలు లేకపోతే పిల్లలు నేల మీద కూర్చుంటారు, తాడు లేకపోతే పుస్తకమే కనపడదు.

ప్రింటు కథలు ఎక్కడివి అని అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో తెలుగులోనూ ఒడియాలోనూ పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, ఓపెన్ లైసెన్సు కాబట్టి ప్రింటు తీసుకోవచ్చు. ఒడియా మీడియం బడిలో తెలుగు కథలెందుకు అనే మాట కూడా రావచ్చు. పదిలో ఆరు ఒడియావి, నాలుగు తెలుగువి అని జాబితాలో రాసేస్తే ఆ వాదన అక్కడే ఆగుతుంది. హెడ్మాస్టరు గారు తెలుగు చదవలేని వారైతే లెటర్ ఒడియాలోనే ఇవ్వండి. ఆయన చదవగలిగినా ఒడియా కాపీ ఒకటి జతచేయడం మంచిది, ఎస్ఎంసీ తీర్మానం పుస్తకంలోకీ, బ్లాక్ ఆఫీసుకీ వెళ్లేది అదే.

ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా చూసుకోండి. ఎస్ఎంసీ మీటింగుకి వారం ముందు ఇస్తే ఎజెండాలో చేరుతుంది, మీటింగు అయిన మర్నాడు ఇస్తే వచ్చే నెల దాకా ఆగాల్సిందే. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద "అందింది" అని సంతకం, తేదీ వేయించుకోండి. మీటింగు రోజు పొద్దున్నే "సార్, ఆ చాపల లెటర్ ఎజెండాలో ఉందా?" అని ఒక్క మాట అడగండి చాలు, అప్పటికీ రాయకపోతే మీ కాపీ చూపించి అక్కడే చేర్పించవచ్చు.