చైర్మన్ లేఖలో డివిడెండ్ వాక్యం: నా అనుభవం

గుంటూరులో ఓ కంపెనీ చైర్మన్ లేఖను తెలుగు చేస్తుంటే "20 శాతం డివిడెండ్" అన్న చోట ఆగిపోయాను. చిత్తుప్రతి చదివిన మా బాబాయ్ "20 శాతమంటే మార్కెట్ ధర మీదేనా?" అన్నారు. నిఘంటువు చూశాను, పాత నివేదికలు తిరగేశాను, లాభం లేదు.

చివరికి ముందు బాబాయ్‌కి నోటితో చెప్పినట్టు రాసుకున్నాను: "10 రూపాయల ముఖవిలువ ఉన్న ఒక్కో షేరుకు 2 రూపాయలు, అంటే 20 శాతం. మీకు 100 షేర్లుంటే, పన్ను కోతకు ముందు 200." తర్వాతే కంపెనీ భాష కలిపాను. మొదట "ఇస్తుంది" అని రాసి కొట్టేశాను. ఎందుకంటే తుది డివిడెండ్‌ను బోర్డు సిఫార్సు మాత్రమే చేస్తుంది, ప్రకటించేది వార్షిక సమావేశంలో వాటాదారులే. కాబట్టి "బోర్డు సిఫార్సు చేసింది, మీరు ఆమోదించాలి" అని పెట్టాను. బాబాయ్ మళ్లీ అడగలేదు.

మధ్యంతర డివిడెండ్‌కు ఈ వాక్యం పనికిరాదు, దాన్ని బోర్డే ప్రకటిస్తుంది. ఆడిటర్ నివేదిక మీద మాత్రం ఈ పద్ధతి నేనింకా ప్రయత్నించలేదు.