రూమ్ స్ప్రే కలిపే ముందు

పోయిన ఎండాకాలం మా విజయవాడ ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు కాచి, నిమ్మగడ్డి నూనె కలిపి స్ప్రే చేశాను. పన్నెండో రోజుకి సీసా అడుగున తెల్లటి దారపు పోగులు తేలాయి. కాచిన నీళ్లు చల్లారాక గాలి, గరిటె, సీసా నుంచి మళ్లీ సూక్ష్మజీవులు చేరతాయి. అందుకే ఇప్పుడు ఇవి చూసుకున్నాకే మొదలుపెడతాను.

నీళ్లు: డిస్టిల్డ్ వాటరే. సీసా, స్ప్రే మూత స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలి.

నూనె: నీళ్లలో నేరుగా వేస్తే పైన తేలుతుంది, ఒక్కో పిచికారీలో ఒక్కోలా వస్తుంది. 100 మిల్లీలీటర్లకి నూనె 1 మిల్లీలీటరు, నూనెని నీళ్లలో కలిసేలా చేసే పాలిసోర్బేట్ 20 అనే ద్రవం సుమారు 4 మిల్లీలీటర్లు ముందు పొడి గిన్నెలో కలిపి, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. కొన్ని నూనెలకి ఇంకాస్త పడుతుంది. మొదటి రోజే మసకగా ఉంటే పాలిసోర్బేట్ చాలలేదని అర్థం. తేటగా ఉన్నది వారం తర్వాత మసకబారితే, పోగులు కనిపిస్తే, పుల్లటి వాసనొస్తే పారబోయాలి.

ప్రిజర్వేటివ్: విటమిన్ ఇ అనేది నూనెని పాడవకుండా చూస్తుంది, సూక్ష్మజీవుల్ని ఆపదు. ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ కలిపిన ద్రావణం 1 మిల్లీలీటరు వేస్తాను. నూనె పెంచితే పాలిసోర్బేట్ కూడా పెంచాలి, అది ఎక్కువైతే ప్రిజర్వేటివ్ బలం తగ్గుతుంది, కాబట్టి నూనె పెంచొద్దు. ప్రిజర్వేటివ్ లేకుండా చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేయండి.

ఇన్‌హేలర్ స్టిక్‌కి నీళ్లు, పాలిసోర్బేట్ ఏవీ వద్దు. దూది వత్తికి నూనె మాత్రమే. పసిపిల్లల దగ్గర నీలగిరి, పుదీనా, కర్పూరం అసలు వాడకండి.